కాలువ లైనింగ్ కన్సల్టెంట్: నెలకు రెండు విజిట్లా, సైట్‌లోనే మనిషా?

గుంటూరు వైపు నల్లరేగడిలో కాలువ లైనింగ్‌కి కన్సల్టెంట్ పని పరిధి రాసేటప్పుడు రెండు దారులుంటాయి. ఒకటి, నెలకు రెండు విజిట్లు, ఒక రిపోర్టు. రెండోది, సైట్‌లోనే ఉండే ఇంజినీరు, ఆయన సంతకం లేనిదే కాంక్రీటు పడకూడదనే షరతు.

మొదటిది చవక. కానీ విజిట్ నాటికి కాంక్రీటు గట్టిపడిపోయి ఉంటుంది. కింద ఉబ్బని మట్టి పొర ఎంత మందం వేశారో, తడిపి రోలర్ తిప్పారో లేదో పైనుంచి కనపడదు. రెండు వర్షాలకు రేగడి ఉబ్బి, స్లాబు జాయింట్ దగ్గర పైకి లేచాకే తెలుస్తుంది.

లెక్క చూడండి. కాలువ అడ్డుకోతలో నీరు తగిలే తడి చుట్టుకొలత 20 మీటర్లు, లైనింగ్ మందం 100 మి.మీ. అయితే కిలోమీటరుకి 2,000 ఘనపు మీటర్ల కాంక్రీటు. సగటున 80 మి.మీ. పడితే 400 తగ్గినట్టే. కాంక్రీటుకి ముందు దారం కట్టి స్కేలు పెడితే ఐదు నిమిషాల్లో దొరికే తేడా ఇది. తర్వాతైతే గట్టిపడిన కాంక్రీటుని గుండ్రంగా కోసి కోర్లు తీయాలి.

అందుకే నా ఓటు రెండోదానికే. అయితే "పర్యవేక్షణ" అని ఒక్క మాట రాసి వదిలేస్తే లాభం లేదు. ప్రతి ప్యానెల్‌కి కాంక్రీటు వేసే ముందు సంతకం పెట్టే పోర్ కార్డు, బెడ్ లెవెల్స్, కాంక్రీటు బలం చూపే క్యూబ్ ఫలితాలు, చివర్లో కట్టినది కట్టినట్టు చూపే డ్రాయింగ్ ఇవ్వాలని రాయాలి. కొలతలు సరిచూసేది కన్సల్టెంట్, బిల్లు పాస్ చేసేది శాఖ ఇంజినీరు, లోపం సరిచేసేది కాంట్రాక్టరు అని కూడా. కాలువ కట్టేసే వేసవి రోజుల్లో రాత్రి పని తప్పదు కాబట్టి రెండో షిఫ్టుకీ మనిషిని అడగండి.