ఐవీఎఫ్ డైరీని టేబుల్ చేయించుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

చికిత్స డైరీ, రిపోర్టుల ఫోటోలు పంపితే సైకిల్‌వారీ టేబుల్ చేసిస్తామనే ఆన్‌లైన్ టైపింగ్ సర్వీసులు ఉన్నాయి కదా, వాటి గురించి ఈ పోస్టు. మేం రెండో అభిప్రాయం కోసం ఇంకో డాక్టర్ గారి దగ్గరకు వెళ్లాల్సి వచ్చింది. మందులు, స్కాన్ కొలతలు, హార్మోన్ లెవెల్స్ అన్నీ ఒక్కో సైకిల్‌కు విడిగా ఒకచోట రాసి తెమ్మన్నారు ఆవిడ. మా రెండు సైకిల్స్ డైరీ అలాంటి ఒక సర్వీసుకు ఇచ్చాం. వచ్చిన ఫైలు చూడ్డానికి నీట్‌గా ఉంది. లోపల అంకెలు మాత్రం చికిత్సనే పక్కదారి పట్టించేలా ఉన్నాయి.

అన్నింటికంటే పెద్ద తప్పు ఎస్ట్రడయోల్ కాలమ్‌లో జరిగింది. ట్రిగ్గర్ ఇచ్చే ముందు చేసిన టెస్టులో మొదటి సైకిల్‌కు 1,850, రెండో సైకిల్‌కు 5,140 అని పక్కపక్కనే వేశారు. యూనిట్ ఎక్కడా లేదు. అది చూసిన ఎవరికైనా రెండోసారి ఓవరీలు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా స్పందించాయనే అనిపిస్తుంది. అసలు సంగతి ఏమిటంటే మొదటి రిపోర్టు మిల్లీలీటరుకు పికోగ్రాముల్లో ఉంది. రెండోసారి ల్యాబ్ మారింది, వాళ్లు లీటరుకు పికోమోల్స్‌లో ఇచ్చారు. మిల్లీలీటరుకు ఒక పికోగ్రాము అంటే లీటరుకు 3.67 పికోమోల్స్‌తో సమానం. 5,140ని 3.67తో భాగిస్తే వచ్చేది సుమారు 1,400. అంటే రెండోసారి లెవెల్ పెరగలేదు, తగ్గింది.

డాక్టర్ గారు దీన్ని ఎలా పట్టుకున్నారో చెప్తాను, మీకూ పనికొస్తుంది. "ఏడు గుడ్లు వచ్చిన సైకిల్‌లో ఇంత ఎస్ట్రడయోల్ ఎక్కడిదమ్మా? అసలు రిపోర్టు తీయండి" అన్నారు. ఎదిగిన ఒక్కో ఫాలికల్‌కు ఇంచుమించు 200 నుంచి 300 పికోగ్రాముల లెక్కన ఎస్ట్రడయోల్ ఉంటుందని ఒక అంచనా ఉంది. మొదటి సైకిల్‌లో తొమ్మిది గుడ్లకు 1,850 అంటే ఒక్కోదానికి 205, సరిపోయింది. రెండోదాంట్లో ఏడింటికి 5,140 అంటే 730 దాటుతుంది, అసలు పొంతనే లేదు. అదే 1,400 అయితే సరిగ్గా 200. ఈ అంచనా అందరికీ అచ్చంగా కుదరదు గానీ, యూనిట్ తారుమారైతే మాత్రం దొరికిపోతుంది. ఆవిడ గమనించకపోతే, ఓవరీలు అతిగా స్పందించి కడుపులో నీరు చేరే ప్రమాదం ఉందనుకుని తర్వాతి సైకిల్‌లో ఇంజెక్షన్ డోసు తగ్గించేవారు. మాకు అవసరమైంది దానికి పూర్తిగా ఉల్టా.

ప్రొజెస్టిరాన్‌లోనూ ఇదే కథ. టేబుల్‌లో 1.1, తర్వాత 3.5 అని ఉంది. ట్రిగ్గర్ రోజున ఇది మిల్లీలీటరుకు 1.5 నానోగ్రాములు దాటితే చాలామంది డాక్టర్లు ఆ సైకిల్‌లో ఎంబ్రియో పెట్టకుండా ఫ్రీజ్ చేద్దామంటారు. కాబట్టి 3.5 కనిపిస్తే ఎవరికైనా టెన్షనే. కానీ ఆ 3.5 లీటరుకు నానోమోల్స్. 3.18తో భాగిస్తే మళ్లీ అదే 1.1. రెండు సైకిల్స్‌లో ప్రొజెస్టిరాన్‌కు తేడానే లేదు!

మా ఫోటోల్లో యూనిట్ స్పష్టంగానే కనిపిస్తోంది. అదే మాట సర్వీసువాళ్లను అడిగితే "మేడమ్, నంబర్లు ఉన్నవి ఉన్నట్టే ఎక్కించాం, యూనిట్ మా ఫార్మాట్‌లో లేదు" అన్నారు. హార్మోన్ టేబుల్‌లో యూనిట్ కాలమ్ లేకుండా అమ్మడమే నాకు మింగుడుపడని విషయం. చేయని టెస్టుల గడుల్లో సున్నా కూడా పెట్టారు. ఎల్‌హెచ్ సున్నా అంటే ఒక అర్థం, ఆ రోజు ఎల్‌హెచ్ చేయలేదంటే ఇంకో అర్థం.

రెండో పెద్ద తప్పు ట్రిగ్గర్ టైములో. రెండో సైకిల్‌లో పీరియడ్ మొదలైంది 4వ తేదీ, ఇంజెక్షన్లు మొదలైంది 5న. ట్రిగ్గర్ 14 అర్ధరాత్రి దాటాక, అంటే 15న రాత్రి 12:30కి. గుడ్లు తీసింది 16 ఉదయం 11:30కి. సరిగ్గా 35 గంటలు. సాధారణంగా 34 నుంచి 36 గంటల మధ్య తీస్తారు, కాబట్టి అంతా బాగున్నట్టే. డైరీలో "15, రాత్రి 12:30" అని ఉన్నదాన్ని వాళ్లు 12:30 అని మాత్రం కొట్టారు. స్ప్రెడ్‌షీట్ దాన్ని మధ్యాహ్నం పన్నెండున్నరగా తీసుకుంది. లెక్క చూస్తే ట్రిగ్గర్‌కూ పికప్‌కూ మధ్య 23 గంటలే! ఆ సైకిల్‌లో ఏడు గుడ్లలో నాలుగే పండాయి. టేబుల్ నమ్మితే "తొందరపడి తీశారు, అందుకే పండలేదు" అనే తప్పుడు కారణం చేతిలో రెడీగా ఉన్నట్టే. అసలు కారణం వెతకడం అక్కడితో ఆగిపోయేది.

రోజుల నంబర్లు కూడా కలిపేశారు. మొదటి సైకిల్ డైరీలో పీరియడ్ మొదలైన రోజు నుంచి లెక్క, రెండోదాంట్లో ఇంజెక్షన్ మొదలైన రోజు నుంచి. రెండూ ఒకే "రోజు" కాలమ్‌లో పోశారు. దాంతో రెండో సైకిల్‌లో ప్రతి స్కాన్ ఒక రోజు ముందుకు జరిగి, ఫాలికల్స్ త్వరగా పెరిగినట్టు కనిపించింది. ఇంజెక్షన్ 6వ రోజు అంటే మాకు పీరియడ్ లెక్కలో 7వ రోజు. అడగాల్సింది మూడు విడి కాలమ్స్: తేదీ, పీరియడ్ రోజు, ఇంజెక్షన్ రోజు.

స్కాన్ కాలమ్‌లో ఒక చోట కుడి ఓవరీకి "12-11-2010" అని ఉంది. ఏమిటా అని చూస్తే అది 12, 11, 10 మిల్లీమీటర్ల మూడు ఫాలికల్స్. 12-11-10 అని కొట్టగానే షీట్ తేదీగా మార్చేసింది. 18-16-14 లాంటివి తేదీ కాలేవు కాబట్టి మామూలుగానే మిగిలాయి. అందుకే పెద్ద ఫాలికల్స్ ఉన్న రోజులు సరిగ్గా ఉండి, చిన్నవి ఉన్న తొలి స్కాన్లే పాడయ్యాయి. తర్వాత ఆ గడిని టెక్స్ట్‌గా మారిస్తే 12-11-10 తిరిగి రాదు, 40494 అనే అంకె వస్తుంది. కొట్టకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టాలి, లేదా ఒక్కో ఫాలికల్‌కు ఒక్కో గడి ఇవ్వాలి. లైనింగ్ మందం కాలమ్ వేరుగానే ఉండాలి.

మీరు ఇంకా ఇవ్వాలనుకుంటే ముందు ఒక్క సైకిలే ఇచ్చి చూడండి. యూనిట్ కాలమ్ పెడతారా, ఖాళీ గడిని ఖాళీగా వదులుతారా అని రాతపూర్వకంగా అడగండి. పేరు, ఫోన్ నంబరు, పేషెంట్ ఐడీ కనిపించకుండా కప్పి ఫోటో తీయండి. ఫైలు వచ్చాక మిగతావన్నీ చూసేంత ఓపిక లేకపోయినా ట్రిగ్గర్ రోజు వరుస ఒక్కటి అసలు రిపోర్టు పక్కన పెట్టుకుని సరిచూడండి: ఎస్ట్రడయోల్‌ను గుడ్ల సంఖ్యతో భాగించండి, ట్రిగ్గర్ నుంచి పికప్ దాకా గంటలు లెక్కపెట్టండి. ఆ రెండూ కుదరకపోతే పూర్తి డబ్బు కట్టొద్దు, ఆ ఫైలు డాక్టర్ ముందు పెట్టొద్దు. మాకు డబ్బు వెనక్కి రాలేదు. ఆ టేబుల్ పక్కన పడేసి, మావారూ నేనూ రిపోర్టులు ముందేసుకుని మళ్లీ మొదటి నుంచి చేతితో రాసుకున్నాం.