బంగారంలో సీఓటీ రిపోర్ట్: ఏడేళ్లకు పైగా చదివాక నా అనుభవం

అమెరికా ఫ్యూచర్స్ నియంత్రణ సంస్థ సీఎఫ్‌టీసీ ప్రతి శుక్రవారం ఇచ్చే కమిట్‌మెంట్స్ ఆఫ్ ట్రేడర్స్, అంటే సీఓటీ రిపోర్ట్‌ను నేను 2018 నుంచి వదలకుండా చూస్తున్నాను. ఏ వర్గం ట్రేడర్ల చేతిలో ఎన్ని ఫ్యూచర్స్ కాంట్రాక్టులు ఉన్నాయో ఇది చెబుతుంది. దీన్ని చదివే తీరు ఈ కాలంలో పూర్తిగా మార్చుకున్నాను.

మొదట్లో పాత తరహా రిపోర్ట్‌లో స్పెక్యులేటర్లందరినీ కలిపి చూపే నాన్ కమర్షియల్ అంకె ఒక్కటే చూసేవాణ్ని. ఇప్పుడు తెరిచేది ట్రేడర్లను మరిన్ని వర్గాలుగా విడదీసే డిసగ్రిగేటెడ్ రిపోర్ట్. అందులో `GOLD - COMMODITY EXCHANGE INC.` అన్న భాగంలో `Managed Money` నిలువు వరుస ఉంటుంది. హెడ్జ్ ఫండ్లు, ఇతరుల డబ్బుతో ట్రేడ్ చేసే ఫండ్ మేనేజర్ల పొజిషన్లు అక్కడ కనిపిస్తాయి. స్పెక్యులేటర్ల మూడ్ తెలియాలంటే ఇదే సరైన చోటు. బ్యాంకుల షార్ట్‌లు, అంటే ధర పడితే లాభం వచ్చే అమ్మకం పొజిషన్లు చూసి భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు. వాటిలో చాలావరకు వేరే చోట ఉన్న నిల్వలకో ఒప్పందాలకో నష్టం రాకుండా హెడ్జ్‌గా తీసుకున్నవే. ధర పడుతుందని వేసిన పందెంగా వాటిని చదవకూడదు.

ఈ రిపోర్ట్ విలువేంటో నాకు అర్థమైంది 2018 అక్టోబర్‌లో. బంగారం ఔన్సు 1,200 డాలర్ల చుట్టూ తిరుగుతోంది. మేనేజ్డ్ మనీ నికరంగా దాదాపు లక్ష కాంట్రాక్టులు షార్ట్‌లో ఉంది. కాంట్రాక్టుకు 100 ఔన్సులు కాబట్టి, అది కోటి ఔన్సుల అమ్మకం. అక్టోబర్ 11, గురువారం షేర్ల మార్కెట్ పడుతుంటే బంగారం ఒక్క రోజులో 30 డాలర్ల దాకా ఎగిరింది. షార్ట్‌లో ఉన్నవాళ్లు హడావుడిగా కొనాల్సి వచ్చింది. మర్నాడు వచ్చిన రిపోర్ట్ మాత్రం ఇంకా భారీ షార్ట్‌నే చూపించింది. కారణం సులువే: అందులో ఉండేది మంగళవారం ముగింపు లెక్క. మూడు రోజుల పాత ఫొటోను చూసి ఈ రోజు మూడ్ అనుకుంటే మోసపోతాం. అందుకే మంగళవారం తర్వాత ధర బాగా కదిలిన వారం ఆ అంకెను నేను పట్టించుకోను. తర్వాతి వారం దాకా ఆగుతాను.

ఇంకో పాఠం నష్టంతో నేర్చుకున్నాను. 2019 వేసవిలో బంగారం 1,400 దాటింది, మేనేజ్డ్ మనీ నికర లాంగ్, అంటే షార్ట్‌లు తీసేయగా మిగిలిన కొనుగోలు పొజిషన్లు, రెండు లక్షల కాంట్రాక్టుల పైకి వెళ్లింది. ‘ఇంక కొనేవాళ్లు మిగల్లేదు’ అనుకుని నా పొజిషన్ అమ్మేశాను. సెప్టెంబర్ మొదటికల్లా ధర 1,550 దగ్గరికి చేరింది. లాంగ్ ఎక్కువగా ఉన్నంత మాత్రాన రేపే పడుతుందని కాదు. పడటం మొదలైతే తలుపు ఇరుకవుతుందని మాత్రమే అది చెబుతుంది. షార్ట్ వైపు పీక్స్ నాకు ఇంతకంటే నమ్మకంగా అనిపించాయి. షార్ట్ తీసుకున్నవాడు ఎప్పటికైనా తిరిగి కొనక తప్పదు కదా.

ఇప్పుడు నేను నికర అంకెతో ఆగను. లాంగ్, షార్ట్ రెండు గళ్లలో మార్పును విడివిడిగా రాసుకుంటాను. ఉదాహరణకు ఒక వారం నికర లాంగ్ 30,000 పెరిగిందనుకుందాం. లాంగ్‌లు 28,000 పెరిగి, షార్ట్‌లు 2,000 తగ్గి, `Open Interest`, అంటే ఇంకా ముగియని మొత్తం కాంట్రాక్టుల సంఖ్య కూడా పెరిగితే కొత్త డబ్బు వచ్చిందని అర్థం. అదే లాంగ్‌లు 4,000 మాత్రమే పెరిగి, షార్ట్‌లు 26,000 తగ్గి, `Open Interest` పడితే అది షార్ట్ కవరింగ్. రెండింటిలోనూ నికర మార్పు ఒకటే. కానీ రెండో రకం ర్యాలీకి ఇంధనం తొందరగా అయిపోతుంది, నేను దాని వెంట పడను. పాత సంవత్సరాలతో పోల్చాలంటే నికర అంకెను `Open Interest`తో భాగించి శాతంగా చూస్తాను. మార్కెట్ సైజు మారుతుంటే ఒట్టి కాంట్రాక్టుల సంఖ్య తప్పుదారి పట్టిస్తుంది.

లోపాల మాటకొస్తే, అమెరికా ప్రభుత్వం షట్‌డౌన్ అయితే రిపోర్ట్ కూడా ఆగుతుంది. 2018 చివర్లో అలా ఆగి, పాత వారాలన్నీ ఒక్కొక్కటిగా వచ్చేసరికి చాలా కాలం పట్టింది. అసలు లోపం అంతకంటే పెద్దది. ఇందులో కనిపించేది న్యూయార్క్ ఫ్యూచర్స్ మార్కెట్ కామెక్స్ ఒక్కటే. లండన్‌లో నేరుగా జరిగే కొనుగోళ్లు, కేంద్ర బ్యాంకులు దాచుకునే బంగారం ఇందులో కనబడవు. 2022 నుంచి 2024 వరకు కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. ఆ కాలంలో స్పెక్యులేటర్ల వరుస మాత్రమే చూసి ధరను అంచనా వేస్తే సగం కథే దొరికింది.

అయినా శుక్రవారం సాయంత్రం ఇది తెరవడం మానలేదు. లాంగ్, షార్ట్ గళ్లు చూసి, ఆ వారపు మార్పులు రాసుకుని మూసేస్తాను. పది నిమిషాల పని.