రెండు పాదాల్లో చురక: ద్విపద మేలా, వచనం మేలా?

కావలి బస్టాండు దగ్గర మల్లెలను మూరల లెక్కన అమ్ముతున్న ఒక పెద్దావిడను చూసినప్పుడు నాకు తోచిన ఊహను మొదట వచనంలో ఇలా రాసుకున్నాను:

మల్లెలమ్మి అమ్మ కొడుకుని చదివించింది.
అమ్మ ఫోటోకి కొడుకు ప్లాస్టిక్ దండ వేశాడు.

రెండో వాక్యంలో చురక ఉంది గాని, అది తగలవలసిన చోట తగలలేదు. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది కాబట్టి, ‘ప్లాస్టిక్’ అన్న మాట ముందే వచ్చేసి, చివర ఏ బరువూ లేని ‘వేశాడు’ మిగిలింది. ‘కొడుకు వేసిన దండ ప్లాస్టిక్‌ది’ అని క్రియను విశేషణంగా మారిస్తే, అసలు మాట చివరికి చేరింది. వచనంలో ఈ సవరణకు ఒక్క నిమిషం చాలు.

అదే ఊహను ద్విపదలో పెట్టడానికి రెండు రోజులు పట్టింది. ప్రతి పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉండాలి. మూడో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో యతి కలవాలి. రెండు పాదాలకూ ప్రాస కుదరాలి.

మల్లెలమ్మి సుతుని మనిషిని చేసె
తల్లి పటమునకు దండ ప్లాస్టికుది

మొదటి పాదంలో మ–మ, రెండో పాదంలో త–ద యతి. ‘ల్ల’ ప్రాస వల్ల మల్లె, తల్లి చెవిలో జంటగా నిలుస్తాయి. వచనంలో నేను చెప్పి తెలపవలసిన ఆ సంబంధాన్ని ఇక్కడ శబ్దమే తెలిపింది, పైగా తల్లి అన్న మాట రెండో పాదం దాకా రాలేదు. ‘ప్లాస్టికు’ మాత్రం చాలా ఇబ్బంది పెట్టింది. సూర్యగణమంటే గురువు, లఘువు గాని, మూడు లఘువులు గాని. గురువుతో మొదలై రెండు లఘువులున్న ఆ మాట అందులో ఇమడదు. ‘ది’ చేర్చి, ‘ప్లా’ను మూడో గణంలోకి జరిపితే, ‘స్టికుది’ మూడు లఘువులై సరిపోయింది. నష్టమూ ఉంది: ‘కొడుకుని’ అన్న దగ్గరి మాట పోయి, ‘సుతుని’ అన్న దూరపు మాట వచ్చింది.

ఒంగోలులో పద్యాలు చదివే మిత్రునికి రెండింటినీ చివరి మాట దాచి వినిపించాను. వచనం విని, “దండ ఎండిపోయిందా?” అన్నాడు. ద్విపద విని ఊరుకున్నాడు. చివరి మాట చెప్పగానే మొదటి పాదాన్ని మళ్లీ చదవమన్నాడు. వినేవాడు వెనక్కి వెళ్లి మొదటి పాదాన్ని వెతుక్కుంటే చురక తగిలినట్టే. చివర ఏదో ఉందని ముందే పసిగట్టి ఊహించబోతే, ఆ ఊహ తప్పినా, తగలనట్టే.

అందుకే ఈ ఊహకు నా ఓటు ద్విపదకే. అయితే చురక ఒక ఊరి పేరులోనో, నిత్యం వాడే మాటలోనో ఉండి, ఆ మాట గణాలకు లొంగకపోతే వచనమే మేలు. ప్రాస ఒక్కటే అడ్డయితే దాన్ని విడిచి మంజరీ ద్విపదలో రాయవచ్చు. నా పద్యంలో మాత్రం ప్రాస పోతే మల్లె, తల్లి విడిపోతాయి.