అన్‌రియల్ వాల్యూమెట్రిక్ ఫాగ్: ఎండ చారలు ఎక్కడ నిలుస్తాయి, ఎక్కడ కరిగిపోతాయి

గాలిలోని పొగమంచులో వెలుగు, నీడ పడినట్టు చూపించే వాల్యూమెట్రిక్ ఫాగ్ అన్‌రియల్ ఇంజన్‌లో 2017లో 4.16 వెర్షన్‌తో వచ్చింది. అప్పటి నుంచి ఐదో వెర్షన్ వరకు నేను చేసిన ఇంటీరియర్ సీన్లలో దాదాపు అన్నిటిలోనూ ఇది ఆన్‌లోనే ఉంది. ఇన్నాళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెడల్పుగా, మెత్తగా, నెమ్మదిగా మారే వెలుగు కావాలంటే రియల్ టైమ్‌లో ఇంతకన్నా హాయైన పద్ధతి నాకు దొరకలేదు. సన్నని ఎండ చారలు కావాలంటే మాత్రం గ్రిడ్ మన మాట వినదు. దాని కొలతలు తెలుసుకుని, సీన్‌నే దానికి తగ్గట్టు కట్టుకోవాలి.

లోపల జరిగేది పెద్ద చిక్కు విషయమేమీ కాదు. కెమెరాకు కనిపించే ప్రాంతం మొత్తాన్ని ఇంజన్ చిన్న చిన్న గదులుగా కోస్తుంది. అడ్డంగా, నిలువుగా స్క్రీన్‌ను అనుసరించి, లోతులో పొరలు పొరలుగా. ఈ గదుల్నే ఫ్రాక్సెల్స్ అంటారు, వాటి మొత్తం అమరికే గ్రిడ్. ఒక్కో గదిలో పొగమంచు ఎంత చిక్కగా ఉంది, అక్కడికి ఏ లైటు ఎంత చేరుతోంది, నీడ పడుతోందా అని లెక్కేస్తుంది. తర్వాత కెమెరా వైపు నుంచి లోపలికి ఒక్కో పొరా కూడుకుంటూ పోతుంది. చివరికి ప్రతి పిక్సెల్ తన లోతు దగ్గర ఉన్న మొత్తాన్ని చదువుకుంటే పని అయిపోతుంది. ఈ దారిని బార్ట్ వ్రోన్‌స్కీ 2014 సిగ్రాఫ్ గ్రాఫిక్స్ సదస్సులో వివరించాడు. మరుసటి ఏడాది ఫ్రాస్ట్‌బైట్ ఇంజన్ తరఫున సెబాస్టియన్ హిలేర్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు.

పాత పద్ధతి కూడా ఇంజన్‌లో ఇంకా ఉంది. సూర్యుడి దగ్గరి వెలుగును స్క్రీన్ మీదే సాగదీసి చారల్లా చూపించే `Light Shaft Bloom` అది. చవక, కానీ సూర్యుడు ఫ్రేమ్ దాటగానే చారలు మాయం. ఫ్రాక్సెల్ పద్ధతికి ఆ బాధ లేదు, సూర్యుడు మీ వీపు వెనక ఉన్నా లెక్క నడుస్తూనే ఉంటుంది. పైగా గాజు తలుపులు, ధూళి పార్టికల్స్ లాంటివి కూడా తమ లోతుకు తగిన పొగమంచునే తీసుకుంటాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. అంతకుముందు పొగ స్ప్రైట్లు పొగమంచులో కలవక, అతికించినట్టు కనిపించేవి.

ఇక చిక్కు ఎక్కడో ఒక సీన్ తీసుకుని చూద్దాం. పాత రైస్ మిల్లు, పొడవు 30 మీటర్లు. పక్క గోడ తొమ్మిదంగుళాలది, అంటే సుమారు 23 సెంటీమీటర్లు. గోడ పైభాగం పొడవునా సిమెంట్ జాలీ, ఒక్కో కన్నం 10 సెంటీమీటర్లు. కెమెరా ఒక చివర నిలబడి మిల్లు పొడవునా చూస్తోంది, ఎండ పక్క నుంచి జాలీ గుండా లోపలికి దిగుతోంది. కాగితం మీద అద్భుతమైన సీన్ ఇది. ఇంజన్‌లో పెట్టి చూస్తే దగ్గరి జాలీ నుంచి చారలు విడివిడిగా, చక్కగా దిగుతాయి. దూరపు జాలీ దగ్గర ఒకే తెల్లని ముద్ద.

నాణ్యత ఎపిక్ స్థాయిలో ఉన్నప్పుడు ఇంజన్ వాడే విలువలు ఇవి:

```
r.VolumetricFog.GridPixelSize 8
r.VolumetricFog.GridSizeZ 128
```

1920×1080 రిజల్యూషన్‌లో ఇది అడ్డంగా 240, నిలువుగా 135, లోతులో 128 గదులవుతుంది. మొత్తం 41 లక్షల పైచిలుకు. కెమెరా కోణం 90 డిగ్రీలైతే, 5 మీటర్ల దూరంలో స్క్రీన్ వెడల్పులో పట్టేది 10 మీటర్లు. దాన్ని 240తో భాగిస్తే గది వెడల్పు 4 సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్ల కన్నానికి ఇది చాలు. అదే 30 మీటర్ల దూరంలో పట్టేది 60 మీటర్లు, గది వెడల్పు 25 సెంటీమీటర్లు. ఎండ ఉన్న కన్నం, నీడనిచ్చే సిమెంటు, మళ్లీ కన్నం, ఇవన్నీ ఒకే గదిలో ఇరుక్కుంటాయి. ఇంజన్‌కు అక్కడ దొరికేది వాటి సగటు. ఆ ముద్ద బగ్ కాదు, గ్రిడ్ చెప్పగలిగింది అంతే.

లోతు సంగతి ఇంకాస్త విచిత్రం. పొరలు సమానంగా ఉండవు, దగ్గర పలచగా, దూరం పోయేకొద్దీ మందంగా ఉంటాయి. `View Distance` డిఫాల్ట్ 6000 యూనిట్లు, అంటే 60 మీటర్లు. ఇంజన్ వాడే పంపకాన్ని లెక్కేసి చూస్తే, 128 పొరలున్నప్పుడు కెమెరా ముందు పొర సుమారు 9 సెంటీమీటర్లు, 60 మీటర్ల దగ్గర దాదాపు 1.4 మీటర్లు. 64 పొరలకు తగ్గిస్తే దగ్గరి పొర సుమారు 44 సెంటీమీటర్లు అవుతుంది, దూరపుది 1.7 మీటర్లు. అంటే పొరలు రెట్టింపు చేసినందుకు లాభమంతా దగ్గరే. దూరపు చారలు పదునెక్కుతాయని `GridSizeZ` పెంచేవాళ్లను చాలామందిని చూశాను. ఖర్చు పెరుగుతుంది, చార మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. `View Distance`ను 200 మీటర్లకు పెంచితే దగ్గరి పొర కూడా సుమారు 30 సెంటీమీటర్లకు లావెక్కుతుంది. 30 మీటర్ల మిల్లుకు 200 మీటర్ల ఫాగ్ ఎందుకు?

నేను చేసేది ఇది. దూరపు జాలీకి నీడ వేసే పని తీసేస్తాను. దాని స్థానంలో నాలుగైదు కన్నాలకు ఒకటి చొప్పున 50 సెంటీమీటర్ల పెద్ద ఖాళీలున్న ఒక సాదా పలకను పెట్టి, ఆటలో కనపడకుండా దాచి, `Hidden Shadow` ఆన్ చేస్తాను. కంటికి జాలీ కనిపిస్తుంది, ఎండను మాత్రం పలక కోస్తుంది. గదికి రెండింతల వెడల్పు ఉన్న చార గ్రిడ్‌లో నిలబడుతుంది. నష్టం లేకపోలేదు. అక్కడ నేల మీద జాలీ డిజైన్ పడదు, పెద్ద పెద్ద ఎండ మడులే పడతాయి. అంత దూరంలో సరిపోతుంది కానీ, ఆటగాడు అక్కడిదాకా నడిచి వెళ్లే సీనైతే ఈ ఉపాయం పట్టుబడిపోతుంది.

ఇదే గోడతో రెండో గొడవ, వెలుగు కారడం. కెమెరాను గోడకు ఎదురుగా తిప్పి చూస్తే, 20 మీటర్ల దూరంలో పొర మందం సుమారు 50 సెంటీమీటర్లు, గోడ మందం 23. గోడ లోపలి వైపు నీడ, బయటి వైపు ఎండ రెండూ ఒకే పొరలో పడతాయి. ఆ ఎండలో కొంత గోడకు ఇవతల లేత కాంతిలా కనిపిస్తుంది. చాలామంది దీన్ని బౌన్స్ లైట్ అనుకుని వదిలేస్తారు, లేదా దాన్ని సరిచేయడానికి, బౌన్స్ లైట్‌ను లెక్కేసే లూమెన్ సెట్టింగులతో గంటలు గడుపుతారు. తేడా కనిపెట్టడం తేలికే. కెమెరాను వెనక్కి జరపండి. దూరం పెరిగేకొద్దీ ఆ కాంతి ఎక్కువైతే అది గ్రిడ్ పనే, నిజమైన బౌన్స్ లైట్ కెమెరాతో పాటు మారదు. ఆ లైటు `Volumetric Scattering Intensity`ని సున్నా చేసినా తెలిసిపోతుంది. మందు కూడా నీడ పలకే. గోడకు బయటి వైపు మీటరు మందం దిమ్మెను దాచిపెడితే, ఇంజన్‌కు గోడ వెనక చాలా దూరం నీడే కనిపిస్తుంది.

మూడోది కదలిక. ఇంత ముతక గ్రిడ్ కూడా నున్నగా కనిపించడానికి కారణం, ఇంజన్ ప్రతి ఫ్రేమ్‌లో కొలిచే చోటును కొద్దికొద్దిగా జరుపుతూ, పాత ఫలితాన్ని 90 శాతం, కొత్తదాన్ని 10 శాతం కలపడం. `r.VolumetricFog.HistoryWeight` డిఫాల్ట్ 0.9 అంటే అర్థం ఇదే. దీని ఖరీదు ఆలస్యం. ఒక లైటు ఆరిపోయాక దాని వెలుగు గాలిలో పదో వంతుకు తగ్గాలంటే 22 ఫ్రేమ్‌లు పడుతుంది. సెకనుకు 60 ఫ్రేమ్‌లైతే సెకనులో మూడో వంతు దాటుతుంది, 30 అయితే ముప్పావు సెకను దగ్గరికి వస్తుంది. మిల్లు గోడలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, రెక్కలు ఎండను కోస్తున్నట్టు చూపించాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఫ్యాన్ నిజమైన వేగంతో తిరిగితే చారలు కోసుకోవు, మసక వెలుగొకటి మిగులుతుంది. ఒక చుట్టుకు ఏడెనిమిది సెకన్లు పట్టేలా తిప్పితే బాగా వస్తుంది, సినిమాల్లో కూడా విలన్ డెన్‌లో ఫ్యాన్ ఎప్పుడూ నీరసంగానే తిరుగుతుంది కదా. విలువను 0.8కి దించితే 11 ఫ్రేమ్‌లలోనే తగ్గుతుంది, కానీ చారల అంచుల్లో చుక్కలు ఆడటం మొదలవుతుంది. టార్చి, తుపాకి మెరుపు లాంటివాటికి నేను ఆ లైటు వరకు `Volumetric Scattering Intensity` సున్నా చేసేస్తాను. ఇంజన్ తయారీ సంస్థ ఎపిక్ డాక్యుమెంటేషన్ చెప్పేదీ అదే. చేతిలో టార్చి పట్టుకుని నడిచే హారర్ గేమ్‌కి మాత్రం ఇది పెద్ద లోటు.

చారలు కనిపించడం లేదని ఫాగ్ చిక్కదనం పెంచడం మరో అలవాటు. దాంతో సీనంతా సున్నం కొట్టినట్టవుతుంది. ముందు `Scattering Distribution` చూడండి. డిఫాల్ట్ 0.2లో లైటుకు ఎదురుగా చూస్తే కనిపించే వెలుగు, లైటును వీపు వెనక పెట్టుకుని చూస్తే కనిపించేదానికి మూడున్నర రెట్లు కూడా ఉండదు. 0.8లో ఆ తేడా 700 రెట్లు దాటుతుంది. పక్క నుంచి చూస్తే 0.2తో పోలిస్తే ఐదో వంతే మిగులుతుంది. మన మిల్లులో ఎండ పక్క నుంచే వస్తోంది కాబట్టి 0.8 పెడితే చారలు చచ్చిపోతాయి. ఇలాంటి సీన్లకు నేను 0.2 దగ్గరే ఉంచి, చిక్కదనం తగ్గించి, ఎండ లైటు స్కాటరింగ్‌ను పెంచుతాను.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఎపిక్ వాళ్ల లెక్క ప్రకారం హై స్థాయిలో పీఎస్4 మీద 1 మిల్లీసెకను, ఎపిక్ స్థాయిలో జీటీఎక్స్ 970 మీద 3 మిల్లీసెకన్లు. నీడ వేసే పాయింట్, స్పాట్ లైట్లు నీడ లేనివాటికి మూడింతల ఖరీదు. అందుకే మిల్లులో వేలాడే బల్బులకు `Cast Volumetric Shadow` ఆన్ చేయను. గ్రిడ్ పరిమాణం లోపలి రెండర్ రిజల్యూషన్‌ను బట్టే ఉంటుందని గుర్తుంచుకోండి. అప్‌స్కేలింగ్‌తో 4కే చూపిస్తున్నా, లోపల 1080 అయితే ఫాగ్ కూడా 1080దే.

షిప్ చేసే ముందు తప్పక చూడాల్సింది స్కేలబిలిటీ. ఈ ఫాగ్ నీడల నాణ్యత గ్రూపులో ఉంటుంది. ఆటగాడు నీడలను మీడియంకు దించితే ఫాగ్ తగ్గదు, పూర్తిగా ఆరిపోతుంది. చారలతో నిండిన మిల్లు ఒక్కసారిగా ఖాళీ గోడౌన్‌లా కనిపిస్తుంది. ప్రాజెక్టు `DefaultScalability.ini`లో నేను ఇలా రాసుకుంటాను:

```
[ShadowQuality@1]
r.VolumetricFog=1
r.VolumetricFog.GridPixelSize=16
r.VolumetricFog.GridSizeZ=48
```

ఇందులో దగ్గరి జాలీ చారలు కూడా కొంచెం లావుగానే వస్తాయి. 5 మీటర్ల దగ్గర గది 8 సెంటీమీటర్లకు చేరుతుంది కాబట్టి 10 సెంటీమీటర్ల కన్నం అంచుల మీద నిలబడుతుంది. లో స్థాయిని మాత్రం అలాగే ఆపి ఉంచుతాను. ఆ స్థాయి ఎంచుకునే మెషీన్లకు ఈ మిల్లీసెకన్ల అవసరం వేరే చోట ఉంటుంది.