గండికోటలో జియలాజికల్ మ్యాప్ చదివిన యాత్ర: ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి

గండికోటకు వచ్చేవాళ్లు ఎక్కువమంది లోయ అంచున ఫొటోలు దిగి, జామా మసీదు, ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి చూసుకుని మధ్యాహ్నానికల్లా వెళ్లిపోతారు. ఏ రాయి ఎక్కడ ఉందో, ఎటు వాలిందో చూపే జియలాజికల్ మ్యాప్ చదవడం నేర్చుకోవాలనుకునేవాళ్లు మాత్రం ఒక రాత్రి ఉండి తీరాలి. మ్యాప్ మీది గీతకు అర్థం ఇక్కడ ఎదుటి కొండగోడ మీదే కనిపిస్తుంది.

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి భూకోశ్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే మ్యాప్ ఉచితంగా దొరుకుతుంది. గండికోట 57J/5 షీటులో ఉంటుంది. అదే ప్రాంతానికి నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు కూడా దింపుకుని, రెండూ ఇంట్లోనే ప్రింటు తీసుకోండి. వీటి స్కేలు 1:50,000. అంటే మ్యాప్‌లో ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు.

ముందు రంగులు. రంగును చూసి రాయి ఆ రంగులో ఉంటుందనుకోకూడదు. అది ఆ రాతి పొర పేరుకు గుర్తు, అంతే. పక్కనున్న సూచికలో అన్నిటికన్నా పాత పొర అడుగున, కొత్తది పైన రాస్తారు. ఇక్కడ అడుగున తాడిపత్రి షేల్ అనే పలుచని పలకల మట్టిరాయి, దాని మీద కోట నిలబడ్డ గండికోట క్వార్ట్‌జైట్ అనే గట్టిపడ్డ ఇసుకరాయి, ఆ పైన చాలా కాలం తర్వాత పేరుకున్న కర్నూలు శ్రేణి రాళ్లు. మనం ఇళ్లలో పరుచుకునే కడప బండ ఆ శ్రేణిలోని నార్జి సున్నపురాయే.

తర్వాత పొడుగు గీతకు అడ్డంగా పొట్టి గీత ఉన్న గుర్తు. పొడుగు గీత స్ట్రైక్, అంటే పొర మీద ఎక్కడా ఎక్కకుండా దిగకుండా సమమట్టంగా వెళ్లే దిశ. పొట్టి గీత పొర ఎటు వాలిందో చెబుతుంది. దాన్నే డిప్ అంటారు. పక్కనున్న అంకె ఆ వాలు ఎన్ని డిగ్రీలో చెబుతుంది. అంకె 10 అనుకుందాం. వాలు దిశలో ఒక కిలోమీటరు వెళ్లేసరికి ఆ పొర సుమారు 176 మీటర్లు దిగిపోతుంది. ఇంత తక్కువ వాలుకే కొండ మీది రాయి కొద్ది దూరంలో మైదానం కింద మాయమవుతుంది.

అసలు విషయం టోపోషీటులో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు రేఖలతో కలిపి చదివినప్పుడు తెలుస్తుంది. లోయను దాటేటప్పుడు కాంటూరు రేఖ వంపు మొన ఎప్పుడూ నది ఎగువ వైపే ఉంటుంది. పొర సమమట్టంగా ఉంటే రెండు రాతి పొరల మధ్య సరిహద్దు గీత కూడా కాంటూరుతో పాటే నడుస్తుంది. కానీ ఈ ప్రాంతంలో పొరలు మెల్లగా తూర్పు, ఈశాన్యం వైపు వాలాయి. పెన్నా కూడా ఇక్కడి నుంచి మైలవరం మీదుగా జమ్మలమడుగు వైపు, అంటే దాదాపు అటే, పారుతుంది. లోయ అడుగున సరిహద్దు తక్కువ ఎత్తులో తగలాలి. పొర తూర్పుకు దిగుతోంది కాబట్టి ఆ తక్కువ ఎత్తు ఇంకా తూర్పునే దొరుకుతుంది. అందుకే పొర వాలు నది వాలుకన్నా ఎక్కువైతే సరిహద్దు మొన దిగువకు తిరుగుతుంది. కాంటూరు మొన ఒక వైపు, సరిహద్దు మొన ఇంకో వైపు కనబడితే, డిప్ గుర్తు లేకపోయినా పొర దిగువకు వాలిందని చెప్పేయొచ్చు.

ఎన్ని డిగ్రీలో కూడా తేల్చవచ్చు. లోయ రెండు గట్ల మీదా సరిహద్దు ఒకే కాంటూరును కోసే రెండు చోట్లను కలిపితే అదే స్ట్రైక్. దానికన్నా 60 మీటర్లు తక్కువ ఎత్తులోని కాంటూరుకు అలాగే ఇంకో గీత గీయండి. రెండిటి మధ్య 6.8 మిల్లీమీటర్లు ఉంటే నేల మీద 340 మీటర్లు. 60ని 340తో భాగిస్తే 0.176, టాన్ విలువ అంత ఉండే కోణం 10 డిగ్రీలు. పక్కపక్కన ఉన్న కాంటూర్లతో ఈ లెక్క చేయకండి. పెన్సిల్ గీత మందమే జవాబును మార్చేస్తుంది. సరిహద్దు చుక్కల గీతగా ఉన్న చోటా వద్దు, మట్టి కప్పేసిన చోట అది ఊహించి గీసినది.

లోయ అంచున ఒక జాగ్రత్త. గండికోట క్వార్ట్‌జైట్ పేర్చిన ఇటుకల్లా కనిపిస్తుంది. నిలువు చీలికలు పొరలు కావు, రాయి పగిలిన గీతలు. వాటిని కొలిస్తే డిప్ 80, 90 అని వస్తుంది. మ్యాప్‌లో చుట్టుపక్కల గుర్తులన్నీ చిన్న అంకెలు చూపిస్తుంటే మీరు కొలిచింది చీలికనే. అంచుకు దూరంగా కూర్చునే చూడండి.

బస విషయానికొస్తే, టూరిజం శాఖ హరిత హోటల్ కోటకు దగ్గర, ఉదయపు ఎండ గోడ మీద పడేసరికి అక్కడ ఉండొచ్చు. వారాంతానికి ముందే బుక్ చేసుకోవాలి. టెంట్లు కూడా ఉన్నాయి. నేను దిగిన చోట అర్ధరాత్రి దాటినా పాటలు ఆపలేదు, పొద్దున్నే పని ఉన్నవాళ్లకు అది పనికిరాదు. పదిహేను కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగు లాడ్జీలు చవక, భోజనం బాగుంటుంది, కానీ ఉదయపు ఎండకు అందుకోవాలంటే చీకట్లోనే బయలుదేరాలి.

బెలూం గుహలను రెండో రోజుకు ఉంచుకోండి. అక్కడ నార్జి సున్నపురాయి పొరలు దాదాపు సమమట్టంగా ఉంటాయి. లోపల ఉక్కపోత ఎక్కువ, నీళ్ల సీసా తప్పనిసరి. సమయం తక్కువైతే బెలూం వదులుకుని గండికోటలోనే సాయంత్రం కూడా గడపమంటాను.