స్టెప్-అప్ ఈఎంఐతో ఏడేళ్లు

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది ఇంటి లోన్ తీసుకున్నాను. జీతం పెరుగుతుందన్న ధీమాతో, ఈఎంఐ మొదట తక్కువగా ఉండి తర్వాత మెట్లుమెట్లుగా పెరిగే స్టెప్-అప్ ప్లాన్ ఎంచుకున్నాను. "వడ్డీ రేటు మామూలు ప్లాన్‌కీ దీనికీ ఒకటే సార్" అన్నాడు ఏజెంట్. అబద్ధం చెప్పలేదు. కానీ అదనపు వడ్డీ దాక్కునేది రేటులో కాదు.

లెక్క సులువుగా ఉండటానికి అప్పు 10 లక్షలు, రేటు 9 శాతం, గడువు 20 ఏళ్లు అనుకోండి. మామూలు ప్లాన్‌లో మొదటి నుంచి చివరి దాకా ఈఎంఐ 8,997. నా ప్లాన్‌లో మొదటి మూడేళ్లు 7,000, తర్వాతి మూడేళ్లు 8,500, ఆ పైన 14 ఏళ్లు 10,340.

మొదట్లో నెలకు దాదాపు 2,000 తక్కువ కట్టడం నిజంగానే హాయిగా ఉండేది. స్టేట్‌మెంట్ తెరిచి చూడాలని కూడా అనిపించలేదు. రెండో ఏడాది ఎందుకో చూస్తే, బాకీ 10 లక్షలు దాటి ఉంది! కంప్యూటర్ పొరపాటనుకున్నాను. కాదు. 10 లక్షల మీద నెల వడ్డీయే 7,500. నేను కట్టేది 7,000. తగ్గిన 500 ప్రతి నెలా అసలులో కలిసి, దాని మీద మళ్లీ వడ్డీ పడుతోంది. మూడేళ్లకు బాకీ 10,20,576 అయింది. సంతకం పెట్టే ముందు అసలును రేటుతో గుణించి 12తో భాగించి ఉంటే ఇది అప్పుడే తెలిసేది. మొదటి ఈఎంఐ ఆ అంకె కంటే తక్కువుంటే అప్పు తీరడం లేదు, పెరుగుతోంది.

ఇంకో తిప్పలు: 37వ నెలలో ఈఎంఐ 8,500కు ఎక్కింది. ఆ ఏడాది మా కంపెనీలో ఇంక్రిమెంట్లు ఆపేశారు. మెట్టు క్యాలెండర్‌ని చూసి ఎక్కుతుంది, జీతం స్లిప్పుని చూసి కాదు. ఆ ఏడాదంతా టెన్షనే.

ఆరేళ్లు నిండేసరికి మామూలు ప్లాన్ కంటే నేను కట్టింది సుమారు 90,000 తక్కువ. బాకీ మాత్రం 1,28,000 ఎక్కువ (9,85,774, అక్కడైతే 8,57,748). అలాగే చివరిదాకా కట్టుకుంటూ పోతే మొత్తం వడ్డీ 11.59 లక్షలకు బదులు 12.95 లక్షలు అయ్యేది.

అదృష్టం కొద్దీ అప్పుడే బోనస్ చేతికొచ్చింది. ముందస్తు చెల్లింపుకు మా ఒప్పందంలో రుసుము లేదు కాబట్టి ఆ 1,28,000 ఒకేసారి కట్టేసి, గడువు మార్చకుండా ఈఎంఐ తగ్గించమన్నాను. 8,997కి దిగింది. ఈ ఏడాదిగా అదే కడుతున్నాను. మొదటి నెల నుంచీ కట్టాల్సిన అంకెకి ఆరేళ్లు తిరిగి వచ్చానన్నమాట, దారి ఖర్చు 38,000.