ధరల లక్ష్యం ఒక్కటే చాలా, ఉపాధి కూడా ఉండాలా?

అధ్యక్షుల వారికి, న్యాయనిర్ణేతలకు, మిత్రులకు నమస్కారం.

కేంద్ర బ్యాంకు ధరల స్థిరత్వాన్ని మాత్రమే చూసుకోవాలా, ఉపాధి బాధ్యతనూ తీసుకోవాలా అన్న ఈ చర్చలో నేను రెండో పక్షాన మాట్లాడుతున్నాను. అయితే ఈ రెండు విధానాలు ఎప్పుడూ వేర్వేరు దారులు పట్టవు. జనం కొనుగోళ్లు తగ్గించుకొని మాంద్యం వచ్చినప్పుడు ధరల వేగమూ తగ్గుతుంది, ఉద్యోగాలూ పోతాయి. అప్పుడు ఏ లక్ష్యాన్ని చూసినా వడ్డీ రేటు తగ్గించవలసిందే. తేడా బయటపడేది సరఫరా దెబ్బతిన్నప్పుడు. చమురు ప్రియమైతే ధరలు పెరుగుతాయి, ఉత్పత్తీ ఉపాధీ కుంగుతాయి. వడ్డీ పెంచితే ఉపాధి ఇంకా కుంగుతుంది, పెంచకపోతే ధరలు ఇంకొంత కాలం ఎక్కువగా ఉంటాయి. కాబట్టి ఏది మేలో తేల్చడానికి అలాంటి సమయాన్నే పరిశీలించాలి.

2011లో అలాంటి సమయం వచ్చింది. లిబియా సంక్షోభంతో చమురు ధర ఎగబాకింది. యూరో ప్రాంతంలో నిరుద్యోగిత సుమారు 10 శాతం, అమెరికాలో సుమారు 9 శాతం ఉన్నాయి. యూరోపియన్ కేంద్ర బ్యాంకుకు ఒప్పందాల ప్రకారం ధరల స్థిరత్వమే ప్రధాన లక్ష్యం. మిగిలినవన్నీ దానికి లోబడినవే. అది ఏప్రిల్‌లో ఒకసారి, జులైలో మరోసారి, పావు శాతం చొప్పున వడ్డీ పెంచి 1.5 శాతానికి చేర్చింది. అమెరికా ఫెడరల్ రిజర్వుకు 1977 నాటి చట్టం ధరల స్థిరత్వంతోపాటు గరిష్ఠ ఉపాధినీ అప్పగించింది. ఆ వేసవి తరువాత అక్కడ ద్రవ్యోల్బణం 4 శాతానికి చేరువైనా, అంటే యూరప్‌లో కంటే ఎక్కువగానే ఉన్నా, ఫెడ్ వడ్డీని సున్నా దగ్గరే ఉంచింది. పైగా కనీసం 2013 మధ్య వరకు అలాగే ఉండవచ్చని ఆగస్టులో ప్రకటించింది. ఆ సమావేశంలో ముగ్గురు సభ్యులు వ్యతిరేకంగా ఓటు వేశారంటే అది ఎంత కష్టమైన నిర్ణయమో గ్రహించవచ్చు.

ఫెడ్ అంచనా నిజమైంది. చమురు తెచ్చిన పెరుగుదల ఏడాది తిరగకముందే కరిగిపోయి, ద్రవ్యోల్బణం 2 శాతం దరిదాపులకు దిగింది. యూరోపియన్ కేంద్ర బ్యాంకు మాత్రం అదే ఏడాది నవంబరు, డిసెంబరు నెలల్లో తాను పెంచిన వడ్డీని తానే తగ్గించుకుంది. 2013లో అక్కడ నిరుద్యోగిత 12 శాతానికి చేరితే, అమెరికాలో ఆ ఏడాది చివరికి 7 శాతం లోపుకు వచ్చింది. ఈ తేడా అంతా వడ్డీ రేట్ల వల్లనే అనడం అన్యాయం. ప్రభుత్వ రుణ సంక్షోభం, ఖర్చుల కోత యూరప్‌ను మరింత గట్టిగా దెబ్బతీశాయి. నా వాదన దానికంటే చిన్నది: మంటకు ఆజ్యం పోసే పని కేంద్ర బ్యాంకు చేయకుండా ఉండవలసింది. ధరల కోసం అంత పట్టుబట్టిన తరువాత 2014 చివరికి యూరో ప్రాంత ద్రవ్యోల్బణం సున్నా కిందికి పడిపోయింది, అంటే ఏకైక లక్ష్యం సైతం నెరవేరలేదు.

ఎదుటి పక్షం బలమైన అభ్యంతరం కొలతకు సంబంధించినది. ద్రవ్యోల్బణాన్ని నెలనెలా లెక్కించవచ్చు. ధరలను కదిలించకుండా నిరుద్యోగిత ఎంతవరకు తగ్గగలదో ఎవరూ నేరుగా చూడలేరు. దీర్ఘకాలంలో అది 5 శాతానికి పైనే ఉంటుందని 2012లో ఫెడ్ సభ్యులు భావించారు, 2019లో 3.5 శాతానికి తగ్గినా ద్రవ్యోల్బణం 2 శాతం దాటలేదు. ఈ అనిశ్చితి నిజమే కాబట్టి ఉపాధికి శాశ్వతమైన అంకె పెట్టమని నేను అడగను. ఫెడ్ కూడా 2012లో ద్రవ్యోల్బణానికి 2 శాతమని రాసుకొని, ఉపాధికి మాత్రం అంకె పెట్టలేదు.

రెండో అభ్యంతరం న్యూజిలాండ్. అక్కడ 2018లో చట్టంలో చేర్చిన ఉపాధి లక్ష్యాన్ని, ద్రవ్యోల్బణం 7 శాతం దాటిన అనుభవం తరువాత, 2023లో తొలగించారు. కానీ ధరలే ప్రధానమనుకున్న యూరో ప్రాంతంలో 2022 అక్టోబరులో ద్రవ్యోల్బణం 10 శాతం దాటింది; అక్కడ తొలి పెంపు ఫెడ్ కంటే నాలుగు నెలలు ఆలస్యంగా జులైలో వచ్చింది. ధరల పెరుగుదల తాత్కాలికమేనన్న పొరపాటు అంచనా ఇద్దరిదీ. ఆ తప్పును ఉపాధి లక్ష్యం ఖాతాలో వేయడం సరికాదు.

కాబట్టి ఉపాధి లక్ష్యాన్ని హద్దుతో కలిపి ఇవ్వాలని కోరుతున్నాను. 2012 డిసెంబరులో ఫెడ్ అలాంటి హద్దునే ప్రకటించింది: నిరుద్యోగిత 6.5 శాతానికి పైన ఉండి, ఒకటి రెండేళ్ల తరువాతి ద్రవ్యోల్బణ అంచనా 2.5 శాతం దాటకుండా, ధరలపై ప్రజల దీర్ఘకాలిక అంచనాలు చెదరకుండా ఉన్నంతవరకు వడ్డీ పెంచబోమని చెప్పింది. ఇందులో ఉపాధికి చోటుంది, ధరలకు కాపలా ఉంది, మాట తప్పితే నిలదీయడానికి ప్రజల చేతిలో అంకెలున్నాయి.